రావలసిన క్యాష్‌బ్యాక్ ఎవరి దగ్గర ఆగింది?

పండగ సేల్‌లో కొన్న వస్తువు ఇంటికొచ్చేసింది. కార్డు బిల్లు కట్టేశాం. క్యాష్‌బ్యాక్ మాత్రం పడలేదు. అమ్మిన సైటును అడిగితే బ్యాంకును అడగమంటుంది. బ్యాంకును అడిగితే ఆఫర్ పెట్టింది సైటు కాబట్టి వాళ్లనే అడగమంటుంది. మధ్యలో క్యాష్‌బ్యాక్ యాప్ ఒకటి ఉంటే, "మీ ఆర్డర్ ట్రాక్ కాలేదు" అనే ఒక్క ముక్కతో అది చేతులు దులుపుకుంటుంది. పోయేది వెయ్యో రెండు వేలో కాబట్టి చాలామంది రెండు ఫోన్లు చేసి వదిలేస్తారు. వదిలేస్తారన్న లెక్క మీదే ఈ వ్యాపారంలో కొంత భాగం నడుస్తుంది.

ఈ తగాదాలో మూడు ప్రశ్నలు కలగలిసిపోయాయి. ఆఫర్ అనేది ఒప్పందమా, ఇష్టముంటే ఇచ్చే కానుకా? షరతులు నెరవేరాయో లేదో తేల్చేది ఎవరి రికార్డు? తేలాక అడగాల్సింది ఎక్కడ? మన దేశంలో ఆన్‌లైన్ అమ్మకాలపై వచ్చే కార్డు ఆఫర్లను ప్రధానంగా తీసుకుని, క్యాష్‌బ్యాక్ యాప్‌లను వాటితో పోలుస్తూ, వీటిలో ఏది ఎంతవరకు తేలిందో చూడటం ఈ వ్యాసం పని.

నూట ముప్ఫై ఏళ్ల నాటి ప్రశ్న

యాప్‌లు కొత్తవే గానీ ప్రశ్న పాతది. 1891లో లండన్‌లో కార్బాలిక్ స్మోక్ బాల్ అనే కంపెనీ పత్రికల్లో ఒక ప్రకటన వేసింది. తమ మందును రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామంది. నమ్మకం కలిగించడానికి 1,000 పౌండ్లు బ్యాంకులో వేశామని కూడా రాసింది. కార్లిల్ అనే ఆవిడ చెప్పినట్టే వాడింది, జ్వరం వచ్చింది, డబ్బు అడిగింది. అది ప్రకటనల్లో ఉండే గొప్పలే తప్ప ఒప్పందం కాదని కంపెనీ వాదించింది. 1892 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ వాదనను కొట్టేసింది. షరతు చెప్పి, నెరవేర్చినవాళ్లకు ఇస్తామన్నాక, నెరవేర్చడమే అంగీకారం. ముందుగా ఉత్తరం రాసి ఒప్పుకోనక్కర్లేదని తేల్చింది.

మన చట్టంలో ఈ మాట అంతకు ముందే ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం ప్రతిపాదనలోని షరతులను నెరవేర్చడమే ఆ ప్రతిపాదనను అంగీకరించడం. "₹10,000కు మించి ఈ కార్డుతో కొంటే 10 శాతం క్యాష్‌బ్యాక్" అన్న ప్రకటన ఈ సెక్షన్‌లో అచ్చంగా ఇమిడిపోతుంది.

దీనికి ఒక హద్దు కూడా ఉంది. 1913లో అలహాబాద్ హైకోర్టు చెప్పిన లాల్‌మన్ శుక్లా తీర్పును లా కాలేజీల్లో ఇప్పటికీ కార్లిల్ కేసు పక్కనే చదువుతారు. యజమాని మేనల్లుడు తప్పిపోతే వెతకడానికి హరిద్వార్ పంపిన గుమాస్తా ఆ పిల్లవాణ్ని పట్టుకొచ్చాడు. అతను బయల్దేరాక యజమాని ₹501 బహుమతి ప్రకటించాడు. ఆ సంగతి తెలియకుండా చేసిన పనికి బహుమతి అడిగే హక్కు లేదంది కోర్టు. కొన్న తర్వాత ఆఫర్ కంటపడి "నేనూ కొన్నాను కదా" అనేవాళ్లకు, కొనేముందు నొక్కాల్సిన "యాక్టివేట్" బటన్ నొక్కనివాళ్లకు ఈ పాత తీర్పు అడ్డం వస్తుంది.

కానుక అనేవాళ్లు, ఒప్పందం అనేవాళ్లు

కంపెనీల వాదనకు ఆధారం షరతుల పేజీ చివర్లో ఉండే రెండు వాక్యాలు. ఆఫర్‌ను ఎప్పుడైనా, నోటీసు లేకుండా మార్చే హక్కు తమదేనని ఒకటి. అర్హతపై తమ నిర్ణయమే అంతిమమని మరొకటి. వస్తువుకు కట్టిన డబ్బుకు వస్తువు అందింది, క్యాష్‌బ్యాక్ అదనంగా ఇచ్చేది, కాబట్టి అది మా విచక్షణ అంటారు. ఈ వాదనను పూర్తిగా తీసిపారేయలేం. ఒకే ఇంట్లో పది ఖాతాలు తెరిచి కొత్త కస్టమర్ ఆఫర్ పదిసార్లు తీసుకునేవాళ్లు ఉన్నారు. క్యాష్‌బ్యాక్ కోసమే ఆర్డర్ పెట్టి, అది పడ్డాక వస్తువు వెనక్కిచ్చేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లకు ఇవ్వననే అధికారం లేకపోతే ఏ ఆఫరూ నిలబడదు.

అయితే రేపటి నుంచి ఆఫర్ ఆపేయడం వేరు, నిన్న షరతు నెరవేర్చిన మనిషికి ఇవాళ ఎగ్గొట్టడం వేరు. ఒప్పందవాదుల బలమంతా ఈ తేడాలోనే ఉంది. ఆర్డర్ పెట్టకముందు ఆఫర్ వెనక్కి తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. పెట్టాక అలా కుదరదు, ఎందుకంటే ఆ ఆఫర్ చూసే కొనుగోలుదారు ఈ కార్డుతో, ఈ సైటులో, ఈ రోజున కొన్నాడు.

కంపెనీల సొంత పద్దుల్లోనే కానుక వాదానికి ఎదురుతిరిగే అంశం ఒకటుంది, దాన్ని చర్చల్లో ఎవరూ పెద్దగా తలవరు. 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం ప్రకారం, కొనుగోలుతో పాటు కస్టమర్‌కు చెప్పుకోదగ్గ విలువున్న రివార్డ్ పాయింట్లు ఇస్తే, వచ్చిన డబ్బులో కొంత భాగాన్ని ఆ పాయింట్లకు కేటాయించాలి. పాయింట్లు వాడుకునేదాకా లేదా గడువు తీరేదాకా ఆ మొత్తం ఆదాయం కాదు, తీర్చాల్సిన బాధ్యత. ఎంతమంది వాడుకోకుండా వదిలేస్తారో అంచనా వేసి, ఆ మేరకు ఆదాయంగా చూపించుకునే పద్ధతి కూడా అందులోనే ఉంది. కస్టమర్ ముందు కానుక అనే పాయింట్లు ఆడిటర్ ముందు బాకీ అవుతాయన్నమాట.

మూడో దారి: వినియోగదారుల చట్టం

ఒప్పందమా కానుకా అని తేలకముందే పక్క నుంచి వచ్చి ఈ తగాదాను చాలావరకు మార్చేసింది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా బహుమతులు, ఇతర వస్తువులు ఇస్తామని చెప్పడాన్ని అందులోని 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనను వేరే నిర్వచించింది. ఇక్కడ ఇచ్చేది కానుకే అని ఒప్పుకున్నా కంపెనీ తప్పించుకోలేదు. కానుక ఇస్తానని జనాన్ని పిలిచి ఇవ్వకపోవడమే తప్పు అవుతుంది.

2025 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ రాపిడో మీద ఇచ్చిన ఉత్తర్వును ఈ వరుసలో దగ్గరగా చూడాలి. "5 నిమిషాల్లో ఆటో, లేదంటే ₹50" అని ఆ కంపెనీ పెద్దక్షరాల్లో ప్రచారం చేసింది. ఆటో ఆలస్యమైనవాళ్లకు ఇచ్చింది ₹50 కాదు, ₹50 విలువ "దాకా" ఉండే రాపిడో కాయిన్లు. వాటితో బైక్ రైడ్ మాత్రమే తీసుకోవచ్చు, అదీ ఏడు రోజుల్లోపు. ఈ షరతులన్నీ ప్రకటనలో కంటికి ఆనని చిన్న అక్షరాల్లో ఉన్నాయి. సంస్థ ₹10 లక్షల జరిమానా వేసింది. అంతటితో ఆపకుండా, ఆఫర్ వాడుకుని డబ్బు అందని కస్టమర్లకు మాట ఇచ్చిన మొత్తం చెల్లించమంది. జరిమానా కన్నా ఈ రెండో భాగమే మన విషయానికి ముఖ్యం. డబ్బు ఇస్తామని కాయిన్లు ఇస్తే మాట నిలబెట్టుకున్నట్టు కాదని, పెద్దక్షరాల్లో చెప్పినదాన్ని చిన్నక్షరాలతో కోసేయకూడదని ఇప్పుడు చూపించడానికి ఒక ఉదాహరణ దొరికింది.

దాని పరిధి కూడా గమనించాలి. అది ప్రకటన గురించిన ఉత్తర్వు. ప్రకటన సూటిగా ఉండి, షరతులు చదవగలిగేలా ఉండి, ఒక మనిషి ఆర్డర్ ఒక్కటి లెక్కలోంచి జారిపోతే ఈ ఉత్తర్వు నేరుగా సాయపడదు. రోజూ వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువగా కనిపించేది ఆ రకమే.

ఎక్కడ జారిపోతుంది

కార్డు ఆఫర్‌లో రెండు రకాలున్నాయి. చెల్లించే సమయంలోనే తగ్గేది ఇన్‌స్టంట్ డిస్కౌంట్. అది పడిందో లేదో పేమెంట్ పేజీలోనే తెలిసిపోతుంది కాబట్టి గొడవ తక్కువ. తర్వాత స్టేట్‌మెంట్‌లో జమయ్యేది క్యాష్‌బ్యాక్. ఆఫర్ ముగిశాక 60 రోజులో, 90 రోజులో గడువు పెడతారు, వస్తువులు వెనక్కిచ్చే గడువు పూర్తవ్వాలి కాబట్టి. తలనొప్పులన్నీ రెండో రకంతోనే.

అర్హుల జాబితాను మనిషి కూర్చుని రాయడు. కార్డు నంబరులోని మొదటి అంకెలను బట్టి అది ఆ ఆఫర్‌లో ఉన్న కార్డు రకమా అని చూస్తారు. తర్వాత దుకాణం గుర్తింపు, లావాదేవీ తేదీ, మొత్తం, రిఫండ్ ఏదైనా ఉందా అన్నవి సరిపోలుస్తారు. ఈ జల్లెడలో సరైన ఆర్డర్లు జారిపోయే చోట్లు మూడు నాలుగే.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది "ఆర్డర్"కూ "లావాదేవీ"కీ ఉన్న తేడా. ₹9,500 వస్తువు, ₹3,000 వస్తువు ఒకే బుట్టలో కొంటే ఆర్డర్ ₹12,500. ఇద్దరు అమ్మకందారులు విడివిడిగా పంపుతూ కార్డు మీద రెండుసార్లు ఛార్జ్ చేస్తే, ₹10,000 కనీస మొత్తాన్ని ఏ లావాదేవీ కూడా దాటదు. షరతుల్లో ఏ మాట వాడారో చూడకుండా వాదనకు దిగితే ఇక్కడే బోర్లాపడతాం. గిఫ్ట్ కార్డు, వాలెట్ బ్యాలెన్స్ కలిపి కట్టినప్పుడూ అంతే. లెక్కలోకి వచ్చేది కార్డు మీద పడిన మొత్తమే.

రెండోది తేదీ. ఆఫర్ చివరి రాత్రి ఆర్డర్ పెడితే, కొన్నిచోట్ల డబ్బు తీసేది వస్తువు పంపినప్పుడు. స్టేట్‌మెంట్‌లో మరుసటి రోజు తేదీ కనిపిస్తుంది. మూడోది నెలవారీ పాయింట్లకు సంబంధించింది. ప్రతి దుకాణానికీ కార్డు నెట్‌వర్క్ ఇచ్చే నాలుగంకెల కోడ్ ఉంటుంది, దాన్ని ఎంసీసీ అంటారు. కిరాణా, సూపర్ మార్కెట్లకు 5411, ఇంటద్దెల వంటి వాటికి 6513. కిరాణా మీద అయిదు రెట్లు పాయింట్లన్న కార్డుతో సరుకులు కొన్నా, ఆ దుకాణం వేరే కోడ్ కింద నమోదై ఉంటే మామూలు పాయింట్లే పడతాయి. ఆ కోడ్ కస్టమర్ చేతిలో లేదు, బ్యాంకు చేతిలోనూ పూర్తిగా లేదు. వర్గీకరణ ఎంసీసీ ప్రకారమేనని షరతుల్లో ముందే చెప్పి ఉంటే ఈ రకం క్లెయిమ్ నెగ్గడం కష్టం. లావాదేవీకి ఏ కోడ్ పడిందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకుని, ఆ దుకాణంలో మళ్లీ ఆ కార్డు గీకకపోవడమే మిగిలే లాభం.

క్యాష్‌బ్యాక్ యాప్‌ల కథ వేరు. అక్కడ కొనడం ఒక్కటే షరతు కాదు, వాళ్ల లింకు మీద నుంచే వచ్చి కొన్నట్టు అమ్మే సైటు ఒప్పుకోవాలి. లింకు నొక్కగానే ఒక గుర్తింపు సంఖ్య పుడుతుంది. అది బ్రౌజర్‌లో కుకీగానో, సైటు చిరునామాకు తోకగానో వెళుతుంది. ఆర్డర్ పూర్తయ్యాక అమ్మే సైటు ఆ సంఖ్యను చూసి కమీషన్ లెక్క రాస్తుంది. చాలాచోట్ల చివరిగా నొక్కిన లింకుకే కమీషన్ వెళుతుంది. మధ్యలో మరో సైటులో కూపన్ వెతికి నొక్కితే కమీషన్ అటు పోతుంది. ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ ఉన్నా, లింకు బ్రౌజర్‌లో తెరిచి కొనుగోలు యాప్‌లో చేసినా గుర్తింపు తెగిపోతుంది. బుట్టలో ముందే వేసి ఉంచిన వస్తువులకు క్యాష్‌బ్యాక్ లేదని చాలా యాప్‌లు ముందే రాసేస్తాయి.

రెండిటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. కార్డు ఆఫర్‌లో షరతు నెరవేరిందనడానికి రుజువు కస్టమర్ దగ్గరే ఉంటుంది. స్టేట్‌మెంట్, ఇన్‌వాయిస్, ఆఫర్ పేజీ చాలు. యాప్ ఆఫర్‌లో రుజువు ఎదుటివాళ్ల సర్వర్లో ఉంటుంది, కస్టమర్ చేతిలో ఉన్నది తాను లింకు నొక్కిన సమయం మాత్రమే. మొదటిదానిలో కస్టమర్ కేసు గట్టిది, రెండోదానిలో బలహీనం. చర్చల్లో ఈ రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం గందరగోళం.

ఒక ఆర్డర్ లెక్క

విజయనగరంలో ఒకాయన కొన్నారనుకుందాం. అక్టోబరు 1 నుంచి 15 దాకా ఆఫర్. కనీసం ₹10,000 లావాదేవీ మీద 10 శాతం క్యాష్‌బ్యాక్, గరిష్ఠం ₹1,500. ఆఫర్ ముగిసిన 90 రోజుల్లో జమ. వెనక్కిచ్చిన వస్తువుల విలువ తీసేసి మిగిలినదాని మీద లెక్కిస్తారని షరతు. వాషింగ్ మెషీన్ ₹13,490, దానిమీద ₹490 కూపన్ పోగా ₹13,000. మిక్సీ ₹3,000. కార్డు మీద ఒకేసారి ₹16,000 పడింది. వారం తర్వాత మిక్సీ వెనక్కి ఇచ్చేశారు, ₹3,000 రిఫండ్ వచ్చింది.

మొదట రావలసింది 10 శాతం లెక్కన ₹1,600, పరిమితి వల్ల ₹1,500. మిక్సీ పోయాక మిగిలిన కొనుగోలు ₹13,000. అది ఇంకా కనీస మొత్తం పైనే ఉంది కాబట్టి రావలసింది ₹1,300. ఆయన ₹1,500 అడిగితే బ్యాంకు ఆ తప్పు పట్టుకుని మొత్తం ఫిర్యాదునే మూసేయగలదు. లెక్క తనే చేసుకుని ₹1,300 అడగడం వల్ల ఎదుటివాళ్లు మాట్లాడాల్సింది ఒక్క అంశం మీదే అవుతుంది.

గడువు ఎప్పుడు తీరుతుంది? అక్టోబరు 15 నుంచి 90 రోజులంటే జనవరి 13. డిసెంబరులోనే ఫోన్ చేస్తే "ఇంకా సమయం ఉంది" అన్న జవాబు న్యాయమైనదే. జనవరి 14న రాసే మెయిల్ ఇలా ఉంటే చాలు:

"అక్టోబరు 1–15 ఆఫర్ కింద అక్టోబరు 6న నా కార్డు మీద ₹16,000 లావాదేవీ జరిగింది. ₹3,000 రిఫండ్ అయింది. మిగిలిన ₹13,000 మీద షరతుల ప్రకారం ₹1,300 జనవరి 13లోపు జమ కావాలి, కాలేదు. ఆఫర్ పేజీ, ఇన్‌వాయిస్, రెండు నెలల స్టేట్‌మెంట్లు జతచేశాను. జమ చేయండి, లేదా ఏ షరతు ప్రకారం అర్హత లేదో ఆ షరతును ఉటంకిస్తూ జవాబివ్వండి."

చివరి వాక్యం ఈ మెయిల్‌కు ప్రాణం. సాధారణంగా వచ్చే మొదటి జవాబు "లావాదేవీలో రిఫండ్ ఉంది, అర్హత లేదు" అన్న ముద్ర వేసినట్టుండే వాక్యం. రిఫండ్ ఉన్న లావాదేవీని జల్లెడ మొత్తంగా తీసి పక్కన పడేసిందన్నమాట. షరతుల్లో ఉన్నది తీసేసి లెక్కించమని, పక్కన పడేయమని కాదు. ఆ తేడాను చూపిస్తూ రెండోసారి రాసినప్పుడు దాన్ని కస్టమర్ కేర్‌కు కాకుండా బ్యాంకు నోడల్ అధికారికి పంపాలి. ఆఫర్ పేజీ స్క్రీన్‌షాట్ కొన్న రోజునే తీసి పెట్టుకోకపోతే ఈ వాదనంతా గాల్లో ఉంటుంది, సేల్ అయిపోగానే ఆ పేజీ మాయమవుతుంది కాబట్టి. అప్పుడు కూడా బ్యాంకు ఆ రోజుల్లో పంపిన మెయిల్, ఎస్ఎంఎస్‌లు వెతికితే షరతుల లింకు దొరికే అవకాశం ఉంది.

ఇదే ఆఫర్‌లో "ఆర్డర్ కొంతైనా రద్దయితే క్యాష్‌బ్యాక్ వర్తించదు" అని రాసి ఉంటే? అప్పుడు ఆ షరతు న్యాయమైనదా అని వాదించాలి. అది ఎక్కువ దూరం, తక్కువ నమ్మకం ఉన్న దారి.

ఎవరి గుమ్మం

ఆఫర్ డబ్బు ఎవరు భరిస్తున్నారన్నది కస్టమర్‌కు అక్కర్లేదు. జమ చేస్తామని షరతుల పేజీలో ఎవరు మాటిచ్చారన్నదే చూడాలి. స్టేట్‌మెంట్ జమ అయితే చాలాసార్లు బ్యాంకు, సైటు వాలెట్‌లో వేసే పాయింట్లయితే సైటు. అనుమానం ఉంటే ఇద్దరికీ ఒకే మెయిల్ పంపడం మంచిది. ఒకరి జవాబు రెండోవాళ్లకు ఎదురుగానే ఉంటుంది.

సైటు విషయంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు పనికొస్తాయి. ప్రతి సైటూ ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో మాట్లాడేవాళ్లు ఆ అధికారి కాదు. చాట్ ఎన్నిసార్లు చేసినా ఈ గడియారం మొదలైందని చెప్పడం కష్టం.

బ్యాంకు, కార్డు కంపెనీ విషయంలో ముందు వాళ్లకే రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. పై ఉదాహరణలో జవాబే రాకపోతే అది ఫిబ్రవరి 13 దాటాక. ఆఫర్లు ఇవ్వడం తమ వ్యాపార నిర్ణయమని, అలాంటి నిర్ణయాలు అంబుడ్స్‌మన్ పరిధిలోకి రావని బ్యాంకు అనవచ్చు. ఆఫర్ పెట్టడం వ్యాపార నిర్ణయమే, పెట్టిన ఆఫర్ ప్రకారం జమ చేయకపోవడం సేవా లోపం. ఫిర్యాదులో "పాయింట్లు తక్కువ ఇస్తున్నారు" అని రాసేవాళ్లు మొదటిదాంట్లో చిక్కుకుంటారు. "ఫలానా షరతు ప్రకారం ఫలానా తేదీకి ₹1,300 జమ కాలేదు" అని రాసేవాళ్లు రెండోదాంట్లో ఉంటారు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే మాట్లాడవచ్చు, consumerhelpline.gov.in లో కూడా నమోదు చేయవచ్చు. అది తీర్పు చెప్పే చోటు కాదు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబట్టే చోటు. అయినా చిన్న మొత్తాల విషయంలో మొదట తట్టాల్సిన గుమ్మాల్లో అదొకటి. అక్కడా కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న వస్తువు విలువ ₹5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. కంపెనీ బెంగళూరులో ఉన్నా కొనుగోలుదారు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. హక్కు పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. అంబుడ్స్‌మన్ దగ్గరా కమిషన్ దగ్గరా ఒకే తగాదాను ఒకేసారి నడపడం కుదరదు కాబట్టి ముందే ఒకటి ఎంచుకోవాలి. ₹1,300 కోసమైతే అంబుడ్స్‌మనే నయం. కమిషన్‌కు వెళ్లడంలో అర్థం ఉండేది మొత్తం పెద్దదైనప్పుడు, లేదా ఒకే ఆఫర్‌లో చాలామందికి ఎగ్గొట్టినప్పుడు. అలాంటి సందర్భంలో ఒకే ప్రయోజనం ఉన్న అందరి తరఫున కలిపి ఫిర్యాదు వేసే వీలు 35వ సెక్షన్‌లో ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. క్యాష్‌బ్యాక్ పడలేదని కోపంగా కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ల కోసమే దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి. "జమ చేస్తున్నాం, యూపీఐ పిన్ కొట్టండి" అన్నారంటే అది దొంగతనమే. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పోగొట్టుకున్నవాళ్లు వెంటనే 1930కి చెప్పాలి.

ఇంకా తేలనివి

కార్డు ఆఫర్ల విషయంలో చట్టం కస్టమర్ వైపే ఉందని ధైర్యంగా చెప్పవచ్చు. అక్కడ తేలాల్సింది "మా నిర్ణయమే అంతిమం" అనే వాక్యం బలమెంత అన్నది. ఏకపక్షంగా రాసిన ఒప్పందాలను అనుచిత ఒప్పందాలుగా ప్రకటించే వీలు 2019 చట్టంలో ఉంది, కానీ ఆ అధికారం జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ ఇచ్చారు. వెయ్యి రూపాయల కోసం విజయనగరం నుంచి అంతదూరం వెళ్లేదెవరు? ఆ వాక్యం అన్ని షరతుల పేజీల్లోనూ పరీక్షకు నిలబడాల్సిన అవసరం లేకుండానే బతుకుతోంది.

అదృష్టం మీద ఆధారపడే స్క్రాచ్ కార్డుల సంగతి మరీ వింత. తమిళనాడులో బహుమతి పథకాలను నిషేధించే 1979 నాటి చట్టం ఉంది. అందుకే చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు కొన్ని యాప్‌లలో స్క్రాచ్ కార్డులు రావు, అదే యాప్ నెల్లూరులో ఇస్తుంది. అలాంటప్పుడు "నాకు రాలేదు" అన్న ఫిర్యాదుకు ఆధారమే లేదు. "ఎంతైనా రావచ్చు" అన్న కార్డులో సున్నా వచ్చినా మాట తప్పినట్టు కాదు.

క్యాష్‌బ్యాక్ యాప్‌ల విషయంలో ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉన్నాం. చట్టం ప్రకారం వినియోగదారుడు కావాలంటే డబ్బు కట్టి వస్తువో సేవో తీసుకోవాలి. యాప్‌కు కస్టమర్ కట్టింది ఏమీ లేదు. అతని కొనుగోలు వల్లే యాప్‌కు కమీషన్ వచ్చింది కాబట్టి అతను వినియోగదారుడే అన్నది ఒక వాదన. కమీషన్ ఇచ్చింది అమ్మే సైటు, కాబట్టి యాప్‌కు వినియోగదారుడు ఆ సైటే అన్నది ఎదురువాదన. మొదటిదే నెగ్గాలని అనిపిస్తుంది గానీ, నెగ్గినా తర్వాతి చిక్కు అలాగే ఉంటుంది. ఆర్డర్ ట్రాక్ కాలేదన్నది సాంకేతిక లోపమా, కమీషన్ ఎగ్గొట్టడమా, మరో లింకు దాన్ని తన్నుకుపోవడమా అన్నది యాప్ సర్వరూ అమ్మే సైటు సర్వరూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. లింకు నొక్కిన సమయం, ఆర్డర్ నంబరు, ఇన్‌వాయిస్ పెట్టి "మిస్సింగ్ క్యాష్‌బ్యాక్" ఫిర్యాదు ఇస్తే యాప్ దాన్ని అమ్మే సైటుకు పంపుతుంది, సైటు కాదంటే అక్కడితో ముగుస్తుంది. ఆ రికార్డును కస్టమర్‌కు చూపించమనే నిబంధన ఈ-కామర్స్ నిబంధనల్లో లేదు.